ఆపా ఒప్పుకున్న కవర్ లెటర్

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక మా గల్లీలో తెల్లవారుజామున ఆటోల చప్పుడు మొదలయ్యాక ఎవరూ పడుకోలేరు. డిగ్రీ అయిపోయిన ఆ ఏడాది నేను మాత్రం పడుకున్నట్టు నటించేదాన్ని. లేస్తే బాపు ఎదురుపడతాడు. ఆయన బస్ డిపోలో మెకానిక్. ఉదయం షిఫ్టుకి బయల్దేరుతూ, ఏ మెయిలన్నా వచ్చిందా అని అడుగుతాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగేవాడు. ఆ మామూలుతనమే నాకు ఇబ్బందిగా ఉండేది.

బీకాం తర్వాత మూడు నెలలు డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాను. అందులో నాకు నచ్చింది పెయిడ్ మీడియా. అంటే డబ్బు కట్టి ఫోన్లలో, వెబ్‌సైట్లలో ప్రకటనలు వేయించే పని. ఎవరికి చూపించాలి, ఎక్కడ చూపించాలి, ఎంత ఖర్చు పెట్టాలి, వచ్చిన ఫలితం చూసి ఏం మార్చాలి, ఇదంతా అందులోకే వస్తుంది. కోర్సులో మాకు ఉత్తుత్తి అకౌంట్ల మీదే నేర్పించారు. కొత్తవాళ్ల చేతికి నిజం డబ్బు ఎవరిస్తారు?

నాకు ఇచ్చింది ఆపా. మా పక్క గేటు ఆవిడ, గల్లీలో అందరికీ ఆపా, అంటే అక్క. యాభై దాటిన మనిషి. ఇంటి ముందు గదిలోనే మగ్గం చట్రం వేసుకుని పెళ్లికూతుళ్ల ఖడా దుపట్టాలకి జరీ పని చేస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమె దగ్గర పనిచేస్తారు. రంజాన్ అయిపోయి షాదీల రోజులు మొదలవుతాయనగా, ఏదైనా ఫోన్‌లో ప్రకటన వేసి పెట్టు బేటా అని రెండు వేలు నా చేతిలో పెట్టింది. కోర్సు ఇంకా పూర్తి కాలేదు. ఆ రెండు వేలు ఇంటికి తెచ్చి, రెండుసార్లు లెక్కపెట్టి పుస్తకంలో దాచాను.

ఆ ప్రకటనల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఉత్తరం సంగతి.

సంతోష్‌నగర్‌లో ఒక చిన్న ఏజెన్సీ జూనియర్ పెయిడ్ మీడియా ఎగ్జిక్యూటివ్ కావాలని పోస్టు పెట్టింది. ఫ్రెషర్లు కూడా అప్లై చేయొచ్చు. రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ తప్పనిసరి. ఒక్క పేజీ దాటకూడదు. దాని కింద ఇంకో వాక్యం ఉంది: మీరు సొంతంగా నడిపిన ఒక ప్రకటన గురించి రాయండి, ఎంత చిన్నదైనా పర్వాలేదు.

అంతకుముందు నాలుగైదు చోట్లకి పంపిన ఉత్తరం నేను రాసింది కాదు. ఫోన్‌లోని ఏఐని అడిగితే అరనిమిషంలో రాసిచ్చింది. ఫలితాల కోసం తపించే వ్యక్తిని, మీ చైతన్యవంతమైన బృందంలో భాగం కావాలని ఉత్సాహపడుతున్నాను, ఇలా సాగేది. చదివితే చాలా పెద్ద మనిషి రాసినట్టుండేది. ఒకరోజు కోర్సులో నా పక్కన కూర్చునే సైదాబాద్ అమ్మాయి తన ఉత్తరం చూడమని పంపింది. మొదటి రెండు పేరాలు అక్షరం పొల్లుపోకుండా నా ఉత్తరమే. ఇద్దరం ఫోన్‌లో చాలాసేపు నవ్వుకున్నాం. మేమిద్దరం కొన్ని చోట్లకి ఒకేరోజు పంపామని గుర్తొచ్చాక నవ్వు ఆగింది.

అందుకని ఈసారి నేనే కూర్చుని ఇంగ్లీషులో రాశాను. ఆపా ప్రకటన గురించి రాశాను. ప్రకటన చూసిన ప్రతి వంద మందిలో అయిదుగురు దాని మీద నొక్కారని, కొత్తవాళ్లకి అది చాలా మంచి అంకె అని రాశాను. అంకె అబద్ధం కాదు. ఉత్తరం చక్కగా వచ్చిందనిపించింది. అయితే ఇంకొకరి వ్యాపారం గురించి బయటివాళ్లకి రాస్తున్నాం కదా, వాళ్లని ఒక మాట అడగాలని కోర్సులో సారు చెప్పారు. అడగడానికి ఆపా ఇంటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే అనుమతి కోసం కాదు, మెచ్చుకుంటుందని వెళ్లాను.

ఆపా మగ్గం ముందు కూర్చుని ఉంది. సూది ఆపకుండానే చదవమంది. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. వందలో అయిదుగురు అన్నచోట ఆమె సూది ఆగింది.

"ఆ వేలు పెట్టి నొక్కినోళ్లల్ల ఒక్కలన్న నా దర్వాజా కాడికి వచ్చిండ్రా బేటా?"

రాలేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

జరిగింది ఇది. మొదటిసారి ప్రకటన పెట్టేటప్పుడు, నీకేం కావాలి అని ఆ వ్యవస్థ అడుగుతుంది. దాన్ని ఆబ్జెక్టివ్ అంటారు. ఎక్కువ మంది నొక్కాలని నేను ఎంచుకున్నాను. అది నా మాట తు.చ. తప్పకుండా విన్నది. ఏది కనిపించినా నొక్కే అలవాటున్న వాళ్లని వెతికి వెతికి చూపించింది. ఎక్కడ చూపించాలనే దాన్ని దానికే వదిలేశాను. వయసు, ఆడా మగా అన్నీ తెరిచి పెట్టాను. అయిదు రోజుల్లో వెయ్యి రూపాయలు అయిపోయాయి. నొక్కుళ్లు బోలెడు. ఆపాకి ఒక్క మెసేజ్ రాలేదు. ఎందుకని చూస్తే, ఎక్కువ భాగం ఫోన్ గేముల మధ్యలో వచ్చే ప్రకటనల నుంచి వచ్చాయి. ఆట ఆడుతుంటే అడ్డొచ్చిన బొమ్మని తీసేయబోయి వేలు తగిలినవాళ్లు. వాళ్లకి ఖడా దుపట్టాతో ఏం పని?

అప్పుడు ఆపా ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాను. ఆమె చాయ్ తాగించి, మిగిలిన వెయ్యితో మళ్లీ చెయ్యి అంది. ఈసారి మెసేజ్‌లు రావడమే కావాలని ఎంచుకున్నాను. గేముల్లో చూపించొద్దని తీసేశాను. ఆడవాళ్లకే, హైదరాబాద్ వరకే పెట్టాను. మొదటిసారి నెట్‌లో కొని పెట్టిన ఫొటో తీసేసి, ఆపా చేతులు మగ్గం మీద జరీ కుడుతున్న చిన్న వీడియో పెట్టాను. పదకొండు మెసేజ్‌లు వచ్చాయి. నలుగురు ఇంటికి వచ్చారు. ఇద్దరు ఆర్డరిచ్చారు.

అయితే రెండోసారి నొక్కినవాళ్లు తక్కువ. వందకి ఒకరు కూడా లేరు. ఉత్తరంలో గొప్పగా కనబడాలని నేను మొదటిసారి అంకె తీసుకుని, దానికి రెండోసారి వచ్చిన ఆర్డర్లు కలిపి, రెండూ ఒకే ప్రకటన అన్నట్టు రాశాను. రాసేటప్పుడు అది మోసమని నాకు అనిపించలేదు. ఆపాకి చదివి వినిపిస్తుంటే అనిపించింది.

ఆమె తిట్టలేదు. దారం కొరికి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"మొదటి దాంట్ల నా వెయ్యి పోయినయ్. పోనీ, దాని ఫికర్ లేదు నాకు. గని అది దాచిపెట్టి రాస్తే నా పని మీద ఝూట్ చెప్పినట్టయితది. రెండూ రాయి. అప్పుడు రాస్కో, నాకు ఇష్టమే."

ఇంకో రెండు షరతులు కూడా పెట్టింది. మెసేజ్ చేసిన ఆడపిల్లల పేర్లు, నంబర్లు ఎవరికీ చూపించొద్దు. పెళ్లికూతుళ్ల ఫొటోలు ఉత్తరంతో పంపొద్దు. అంకెలు చూపించుకో, మనుషుల్ని చూపించకు అన్నది దాని సారాంశం. తర్వాత ఇదే మాట నాకు ఆఫీసులో చాలా పెద్ద ఇంగ్లీషు మాటల్లో చెప్పారు.

ఇంటికొచ్చి మళ్లీ రాశాను. రెండు రోజులు పట్టింది. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గర ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మీ ప్రకటనలో అడిగినట్టు, నేను సొంతంగా నడిపిన ఒక ప్రకటన గురించి రాస్తున్నాను. మా పొరుగున పెళ్లి దుస్తులకి జరీ పని చేసే ఒకరి కోసం రెండు వేల రూపాయలతో చేశాను. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. మొదటి వెయ్యి నా తప్పు వల్ల వృథా అయింది. క్లిక్కులు కావాలని ఎంచుకున్నాను, క్లిక్కులే వచ్చాయి. ఎక్కువ గేమ్ యాప్‌ల నుంచి. కొనడానికి అడుగుతూ విచారణ ఒక్కటీ రాలేదు. రెండో వెయ్యికి మెసేజ్‌లు లక్ష్యంగా పెట్టి, ఆ యాప్‌లు తీసేసి, ప్రకటన చూసేవారిని తగ్గించి, ఫొటో బదులు వీడియో పెట్టాను. పదకొండు విచారణలు, రెండు ఆర్డర్లు వచ్చాయి. లక్ష్యం మార్చడం వల్లనే ఈ తేడా వచ్చింది. నాకు ఉద్యోగ అనుభవం లేదు. రిపోర్టు చదవడం, ప్రకటనలు సెటప్ చేయడం, లెక్కల షీట్లు చేయడం వచ్చు. సెర్చ్ ప్రకటనలు కోర్సులో నేర్చుకున్నాను కానీ నిజంగా నడపలేదు. మీ దగ్గర నేర్చుకోవాలని ఉంది."

ఇంతే. ముప్పావు పేజీ. తపన లేదు, చైతన్యం లేదు.

ఆ సాయంత్రం బాపుకి చదివి వినిపించాను. ఆయనకి నచ్చలేదు. ఉద్యోగం అడుక్కునే కాయితంలో మొదలే తప్పు చేసినా అని ఎవరన్నా రాసుకుంటారా అన్నాడు. అమ్మ కూడా ఆయన వైపే ఉంది. నాకూ భయమేసింది. ఆ పూట పంపలేదు. పొద్దున బాపు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"డిపోల కొత్తోడు వస్తే, ఏం ఖరాబు చేసినవ్‌రా అని అడుగుతం. ఏం చెయ్యలే అన్నోణ్ని బండి కిందికి పంపం. పంపియ్, చూద్దాం."

ఆయన గేటు దాటకముందే పంపేశాను. సబ్జెక్టు లైనులో పోస్టు పేరు, నా పేరు. ఉత్తరం మెయిల్లోనే రాసి, రెజ్యూమె జతచేశాను. పంపాక తెరిచి చూసుకుని, ఏజెన్సీ పేరు సరిగ్గా ఉందని మూడుసార్లు నిర్ధారించుకున్నాను.

ఎనిమిది రోజులు ఏమీ లేదు. తొమ్మిదో రోజు మార్కెట్లో అమ్మతో టమాటాలు ఏరుతుంటే ఫోన్ వచ్చింది. ఒక ఆడగొంతు, గురువారం పదకొండింటికి రాగలవా అని అడిగింది. వస్తానన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కూరగాయలామె అమ్మ మొహం చూసి, అడగకుండానే రెండు కొత్తిమీర కట్టలు ఎక్కువ వేసింది.

ఆఫీసు సంతోష్‌నగర్‌లో కళ్లద్దాల షాపు పైన రెండో అంతస్తులో ఉంది. ఒక పెద్ద గది, ఒక చిన్న గది, ఆరు కుర్చీలు. చిన్న గదిలో ఏజెన్సీ నడిపే మేడమ్ కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. బల్ల మీద నా ఉత్తరం ప్రింటు తీసి ఉంది. దాంట్లో ఒకే ఒక్క వాక్యం కింద పెన్సిల్‌తో గీత. తలకిందులుగా ఉన్నా ఏ వాక్యమో నాకు తెలిసింది.

కాసేపు ఇంటి సంగతులు అడిగింది. మాదన్నపేట అనగానే, తమ మేనత్త వాళ్లు అక్కడే ఉండేవాళ్లని చెప్పింది. తర్వాత ఆ కాగితం నా వైపు తిప్పింది.

"లక్ష్యం మార్చినందుకే తేడా వచ్చిందని రాసినవ్. రెండోసారి ఎన్ని మార్చినవ్?"

నాలుగు అన్నాను. లక్ష్యం, చూపించే చోటు, చూసే మనుషులు, వీడియో.

"నాలుగు ఒక్కసారే మారిస్తే, దేనివల్ల వచ్చిందని నీకెట్ల తెలుసు?"

అంత ఒప్పుకుని రాసిన ఉత్తరంలో కూడా ఒక గొప్ప మిగిలిపోయింది. దాన్నే ఆమె పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పొచ్చు. కోర్సులో నేర్చుకున్న మాటలు నోటి దాకా వచ్చాయి. కానీ ఈ ఉత్తరాన్ని ఇక్కడిదాకా తెచ్చింది ఆ మాటలు కావు.

"తెల్వదు మేడమ్. ఆ లైను నేను రాయకుండ ఉండాల్సింది. షాదీలు గూడ దగ్గర పడ్డయ్ అప్పుడు. దానివల్ల గూడ వచ్చి ఉండొచ్చు."

ఆమె తల పైకెత్తింది. షాదీల సంగతి తను ఆలోచించలేదని చెప్పింది. పెన్సిల్‌తో గీత పక్కన ఏదో రాసుకుంది. మళ్లీ చేస్తే ఎలా చేస్తావని అడిగింది. ఒకటి మార్చి మిగిలినవి అలాగే ఉంచి చూస్తానన్నాను. వెయ్యి రూపాయలతో అది కుదురుతుందా అని అడిగింది. అంత తక్కువ డబ్బుతో వచ్చే పది పదకొండు మెసేజ్‌ల మీద ఏదీ గట్టిగా చెప్పలేమేమో అన్నాను. అవును, చెప్పలేం, అందుకే చిన్న బడ్జెట్ అయితే ముందు పెద్ద తప్పు సరిదిద్దుకుని, ఇది నిరూపణ కాదు అని రాసుకోవాలి అంది. ఆ మాట నేను ఇంటర్వ్యూలో ఉన్నానని మర్చిపోయి నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. ఆమె నవ్వింది.

అంకెలు చూపిస్తావా అంది. ఫోన్‌లో రిపోర్టు పేజీ తెరిచి ఇచ్చాను. పక్కన మెసేజ్‌ల గుర్తు ఉంది. అది తెరవొద్దు మేడమ్, అందులో ఆడపిల్లల నంబర్లున్నాయి, ఆపాకి మాటిచ్చాను అన్నాను. అన్నాక ఎక్కువ మాట్లాడానేమో అనిపించింది. ఆమె ఫోన్‌ని బల్ల మీదే పెట్టి, వేలితో రిపోర్టు మాత్రం పైకీ కిందికీ జరిపి చూసి తిరిగి ఇచ్చేసింది.

చివర్లో ఒక షీటు ఇచ్చి పావుగంట టైమిచ్చింది. క్లయింటు పేరు తీసేసిన ఆరు ప్రకటనల లెక్క. ఒక్కో విచారణకి ఎంత ఖర్చయిందో ఒక వరుసలో, అలా అడిగినవాళ్లకి తిరిగి ఫోన్ చేస్తే ఏం జరిగిందో ఇంకో వరుసలో ఉన్నాయి. దేనికి డబ్బు పెంచుతావు, దేన్ని ఆపుతావు అన్నది ప్రశ్న. అన్నిటికంటే చవగ్గా విచారణలు తెచ్చిన ప్రకటన పక్కన, సగానికి పైగా తప్పు నంబరు, ఫోన్ ఎత్తలేదు అని రాసి ఉంది. దానికి పెంచనన్నాను. అక్కడ ఆపా ప్రశ్నే నాకు పనికొచ్చింది: దర్వాజా కాడికి వచ్చిండ్రా? కానీ ఇంకో దాన్ని తొందరపడి ఆపేస్తానన్నాను. అది మొదలుపెట్టి రెండు రోజులే అయిందని, తారీఖు చూడలేదని ఆమె చూపించింది. అదీ నిజమే.

సోమవారం మెయిల్ వచ్చింది. మూడు నెలలు ప్రొబేషన్, తర్వాత చూసి పర్మనెంట్. జీతం పెద్దగా లేదు, మరీ తక్కువా కాదు. బాపు ఆ మెయిల్‌ని నా ఫోన్‌లో రెండుసార్లు చదివి, ప్రింటు తీయించమన్నాడు. ఎందుకని అడిగితే, ఊకనే అన్నాడు. తర్వాత తెలిసింది, దాన్ని డిపోకి పట్టుకెళ్లాడట.

ఆపాకి చెబితే మొదట సంతోషించి, వెంటనే ఇక నా ప్రకటనలు ఎవరు చూస్తారని అడిగింది. నేను చేరిన చోట బయటి పని చేయకూడదని కాగితం మీద ఉంది. మేడమ్‌ని అడిగితే, వాళ్లింట్లో ఎవరికైనా నేర్పించి అప్పగించెయ్ అంది. నాలుగు ఆదివారాలు ఆపా కోడలికి నేర్పించాను. ఆ పిల్ల నాకంటే చురుకు. ఒకసారికి ఒక్కటే మార్చాలని చెప్పగానే, నేను చెప్పకుండానే పాత నోట్‌బుక్‌లో తారీఖు వేసి ఏం మార్చిందో రాయడం మొదలుపెట్టింది. ఆపా మాత్రం ఫోన్ వైపు చూడదు. దర్వాజా చప్పుడైతే చాలు ఆమెకి.

ఆఫీసులో మొదటి వారం నాకు ప్రకటన పెట్టే పని ఇవ్వలేదు. ఒక దంతాల ఆస్పత్రికి సెర్చ్ ప్రకటనలు నడుస్తున్నాయి. జనం ఏమని వెతికితే మన ప్రకటన వచ్చిందో ఆ జాబితా తీసి, మనకి పనికిరాని వెతుకులాటలు ఏవో గుర్తించి, ఇకమీద వాటికి మన ప్రకటన రాకుండా ఆ మాటలు చేర్చడం నా పని. కిటికీ పక్క కుర్చీ నాది. కింద రోడ్డు మీద బండ్ల లొల్లి, పైన ఫ్యాను. జాబితా పొడుగ్గా ఉంది. పన్ను నొప్పికి ఇంట్లో ఏం చేయాలి. పిల్లలకి పాలపళ్లు ఎప్పుడు ఊడతాయి. పన్ను ఊడినట్టు కల వస్తే ఏమవుతుంది. ఇంతమంది మనుషులు, ఎవరికి వాళ్లు, ఏ వేళప్పుడో ఒంటరిగా అడిగిన ప్రశ్నలు. చదువుతుంటే విసుగే రాలేదు.

మధ్యాహ్నం దాకా వచ్చేసరికి ఒక గుంపు కనిపించింది. డెంటల్ క్లినిక్ ఉద్యోగాలు. డెంటల్ అసిస్టెంట్ ఫ్రెషర్ హైదరాబాద్. రిసెప్షనిస్ట్ ఉద్యోగం దంతాల ఆస్పత్రి దగ్గర్లో. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు మన ప్రకటన నొక్కిన ప్రతిసారీ ఆస్పత్రికి డబ్బు ఖర్చవుతుంది, రోగి మాత్రం రాడు. కాబట్టి ఆ మాటలతో వెతికేవాళ్లకి మన ప్రకటన రాకుండా ఆపాలి. అది సరైన పనే. ఉద్యోగం, ఫ్రెషర్, జీతం, ఖాళీలు అని ఒక్కొక్కటే టైపు చేసి చేర్చాను. తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్లి, ఆ ఆస్పత్రిలో నిజంగానే ఎవరైనా కావాలేమో ఒకసారి అడగొచ్చా అన్నాను. ఆమె ఆస్పత్రి ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, నువ్వే అడుగు అంది.

అడిగాను. రిసెప్షన్‌లో ఒకరు కావాలట. వాళ్లు వేరేగా ఒక ప్రకటన పెట్టమన్నారు. అలా ఆఫీసులో నేను పెట్టిన మొదటి ప్రకటన ఒక ఉద్యోగం కోసమైంది. దాంట్లో కవర్ లెటర్ అడగాలా అని క్లయింటు అడిగితే, రెండు వాక్యాలు చాలు, కానీ సొంతంగా రాసినవి కావాలని రాయించాను.